కుండీ చుట్టూ ముగ్గుపిండి

పటాన్‌చెరు,
9 జూన్ 2025

తాతయ్యా,

నీ కొత్త మోకాలు ఎలా ఉంది? ఫోన్ చేస్తే నువ్వు "ఆఁ? ఆఁ?" అంటావు. పక్కనుంచి అత్తయ్య నీ చెవిలో అరిచేది ఒకటి, నేను చెప్పింది ఇంకొకటి. అందుకే ఉత్తరం రాస్తున్నాను. ఉత్తరానికి చెవులతో పనిలేదు కదా.

నీకో సంగతి చెప్పొద్దని ఇంట్లో అందరూ అనుకున్నారు. ఆపరేషన్ అయిన మనిషికి బెంగ పెట్టకూడదట. నాచేత ఎవరూ ఒట్టు వేయించుకోలేదు కాబట్టి చెబుతున్నాను. మన వాకిట్లో మామిడి చెట్టు లేదు. మే నెలాఖరులో వచ్చిన గాలివానకు పడిపోయింది. నాన్న మనుషుల్ని పిలిపించి రంపంతో ముక్కలు చేయించి బండిలో పంపేశాడు. కాయలు చాలావరకు పచ్చివే. అమ్మా, పక్కింటి అరుణమ్మా పంచుకుని టెంకలతో సహా కొట్టి పచ్చడి పెట్టేశారు. బియ్యం డబ్బాలో దాచిన నాలుగు మాత్రం పండాయి. మూడింటి టెంకలు నాకు ఆలోచన వచ్చేలోపే చెత్తబండిలో పోయాయి. చివరిది నేనే తిని, టెంకను మట్టికుండీలో నిలబెట్టి పాతాను.

ఇప్పుడు అసలు విషయం. నాన్న వాకిలంతా సిమెంటు చేయించి, పక్కన రేకుల గది వేసి, పాశమైలారం కంపెనీల్లో పనిచేసే బీహారు అన్నలకు కిరాయికిస్తాడట. చెట్టున్న చోటు వదిలెయ్యమని ఏడ్చాను. "కిష్టప్ప మేస్త్రీ పనికొచ్చేలోపు నీ కుండీలో మొక్క పైకొచ్చిందనుకో, ఆ గుంత వదిలేస్తా" అన్నాడు. నవ్వుతూ అన్నాడు. అంత తొందరగా ఒప్పుకున్నాడంటే ఏదో ఉంది. నాకు అనుమానంగా ఉంది.

నీ తేజు

*

ఏలూరు,
14 జూన్

అమ్మా తేజస్వినీ,

మోకాలి సంగతి తర్వాత. నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. గాలికి పడిందంటావు, రంపం అంటావు. నిజంగా పడిందా, పడగొట్టారా? మీ నాన్న పుట్టిన ఏడు నాటాను ఆ చెట్టును. వాడి కంటే గట్టిది. నేను ఇల్లు కదలగానే దానికి గాలి తగిలిందంటే ఎలా నమ్మను? నన్ను ఏలూరు పంపేటప్పుడు "ఇక్కడైతే డాక్టరు దగ్గర" అన్నాడు. ఇప్పుడు నా చెట్టూ లేదు. రేపు నా గదిలో ఎవరిని పెడతాడో కనిపెట్టు.

సరే, టెంక. అసలు నిలబెట్టి పాతమని ఎవరు చెప్పారు నీకు? పెంకుతో పాతితే అది ఎప్పటికి పగిలేను? ఈ ఉత్తరం అందగానే బయటికి తీయి. పీచు రుద్ది కడిగి, జారుడు పోయేదాకా నీడలో పెట్టు. ఎండలో మాత్రం పెట్టకు. అరుణమ్మ మంచిదే, కానీ కందులు, చిక్కుడు గింజలు ఆరబెట్టినట్టు దీన్నీ డాబా మీద వేస్తానంటుంది. మిగతా గింజలు ఎండితే నిలవుంటాయి, మామిడి టెంకలోని జీడి ఎండితే చస్తుంది. వచ్చే ఏటికి దాచిపెట్టుకునే విత్తనం కాదది.

తర్వాత మీ అమ్మ చేత అంచు వెంబడి కత్తెరతో పెంకు విప్పించు. నువ్వు చెయ్యకు, చెయ్యి తెగుతుంది. లోపల పల్చటి కాగితం లాంటి పొర చుట్టుకుని జీడి ఉంటుంది. గట్టిగా, నిండుగా ఉంటే మంచిది. నల్ల పొడి, చిల్లు ఉంటే లోపల పురుగు తినేసినట్టు. దాని ఉబ్బు వైపు పైకి, గుంట వైపు కిందికి పెట్టి, రెండు వేళ్ల లోతున పడుకోబెట్టు. మట్టిలో ఇసుక, పాత పెంట కలుపు. కుండీ అడుగున చిల్లు ఉందో లేదో చూడు. వేలు గుచ్చి చూస్తే పైమట్టి ఆరినట్టు తెలిసినప్పుడే నీళ్లు పొయ్యి. ముందు వేరు కిందికి పోతుంది. మొలక ఆ తర్వాతే. మూడు వారాలు పట్టొచ్చు, ఇంకా ఎక్కువైనా పట్టొచ్చు. అందాకా తవ్వి చూడకు. చూసినవాళ్లకు మొలక దక్కదు.

ఒక్క మాట. టెంక మొక్కకు తల్లి రుచే వస్తుందని ఎవరూ హామీ ఇవ్వలేరు. అయినా దాని బిడ్డే.

కన్నేసి ఉంచు. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నువ్వు పట్టు.

మీ తాతయ్య

*

పటాన్‌చెరు,
22 జూన్

డిటెక్టివ్ తాతయ్యకు,

చెట్టును నాన్న కొట్టించలేదు. రంపంతో కోస్తే మొద్దు మిగులుతుంది. మనకు మొద్దు లేదు, గుంత ఉంది. వేళ్లతో సహా లేచి పడితేనే గుంత పడుతుంది. నేను మూడు వైపుల నుంచీ చూశాను. ఈ ఒక్క కేసులో నాన్న నిర్దోషి.

టెంక తీశాం. అమ్మ కత్తెరతో పెంకు విప్పుతూ, "ఒక్క టెంక కోసం తాతా మనవరాలూ నా ప్రాణం తీస్తున్నారు" అని సణిగింది. లోపల నువ్వు చెప్పినట్టే కాగితం పొర. తీస్తే పాలిపోయిన ఆకుపచ్చ రంగులో, పెద్ద చిక్కుడు గింజలాగా ఉంది. చిల్లు లేదు. అరుణమ్మ బజారు పండు టెంక ఒకటి తెచ్చి విప్పించింది. దాంట్లోంచి నల్ల ముక్కు పురుగు నడుచుకుంటూ బయటికొచ్చింది. "అమ్మో, పండు సక్కగనే ఉండె గదా బిడ్డా! లోపట గిది కూసుందా?" అని ఆవిడ రోజంతా మామిడిపండు ముట్టలేదు. బయట బాగున్నవాళ్లందరి లోపలా ఏముందో ఎవరికి తెలుసు అని నాకు అప్పుడే అనిపించింది.

ఉబ్బు పైకి, గుంట కిందికి పెట్టాను. మట్టి ఆ గుంతలోదే తెచ్చి ఇసుక కలిపాను. రోజూ బడికి పోయేముందు చూస్తాను, వచ్చాక చూస్తాను. తవ్వలేదు. తవ్వాలని చేతులు దురద పెడుతున్నాయి. రెండు చేతులూ వెనక కట్టుకుని చూస్తున్నాను.

నీ గదిలో ఎవరూ లేరు. కానీ నాన్న నీ మంచం కింద కొలత టేపుతో ఏదో కొలిచాడు. ఎందుకని అడిగితే "ఏం లేదు" అన్నాడు.

తేజు

*

ఏలూరు,
28 జూన్

తేజూ,

మొద్దు మాట బాగా చెప్పావు. ఒప్పుకున్నాను. చెట్టు దానంతటదే పడింది.

కానీ మంచం కింద కొలత ఏమిటి? "ఏం లేదు" అన్నవాడి దగ్గరే అన్నీ ఉంటాయి. చిన్నప్పుడు మీ నాన్న బెల్లం డబ్బా దగ్గర నిలబడి ఇదే మాట అనేవాడు, మూతి నిండా బెల్లంతో. ఇంకో సంగతి ఆలోచించాను. ఆషాఢం వచ్చేసింది. గృహప్రవేశాలుండవు, కొత్త పనులు ఎవరూ మొదలుపెట్టరు, మేస్త్రీలంతా ఖాళీ. కిష్టప్పను ఇప్పుడే పిలిస్తే నీ మొక్కకు టైము చాలదని వాడికి తెలుసు. అదీ ఆ నవ్వుకు అర్థం.

కుండీని ఒంటరిగా వదలకు. ఎవరెవరు దగ్గరికి వస్తున్నారో చూడు.

నేను కర్ర పట్టుకుని వరండా దాకా నడుస్తున్నాను. మీ అత్తయ్య ఉప్పు తగ్గించి పెడుతోంది. దీని వెనక కూడా డాక్టరు ఉన్నాడంటుంది. నేను నమ్మలేదు.

తాతయ్య

*

పటాన్‌చెరు,
5 జూలై

తాతయ్యా,

దొరికాడు!

నేను నువ్వు చెప్పినట్టు వేలు గుచ్చి, ఆరితేనే నీళ్లు పోస్తున్నాను కదా. ఒకసారి పోశాక మళ్లీ ఎప్పుడు గుచ్చినా వేలికి బురద అంటుకుంటోంది. ఆరడమే లేదు. వానలు కూడా సరిగ్గా లేవు, కుండీ ఎలాగూ చూరు కిందే ఉంది. ఎవరో పోస్తున్నారు. ముందు అరుణమ్మను అనుమానించాను. అడిగితే "నేనెందుకు పోస్త బిడ్డా? మా బోరు నీళ్లు జెర సేపు గిన్నెల పెడితేనే పచ్చగయితయి. గవి మొక్కకు పోస్తె బతుకుతదా?" అంది. అమ్మను అడిగితే గరిటె చూపించింది.

అందుకని నిన్న సాయంత్రం కుండీ చుట్టూ ముగ్గుపిండి చల్లాను. పల్చగా, జల్లెడతో. ఇవాళ పొద్దున చూస్తే పిండి మీద బూటు గుర్తులు. అడ్డగీతల బూటు. మనింట్లో ఆ బూట్లు నాన్న ఒక్కడికే ఉన్నాయి, కంపెనీవాళ్లు ఇచ్చినవి. కుండీ మట్టి మీద నీళ్లు నిలబడి ఉన్నాయి.

ముంచి చంపేస్తున్నాడు తాతయ్యా. తవ్వి పారేస్తే నాకు తెలిసిపోతుంది కదా, అందుకని నీళ్లతో. ఆదివారం పొద్దున కిష్టప్ప వచ్చి వాకిలి కొలిచి పోతాడట. నేను నాన్నతో మాట్లాడటం మానేశాను. అన్నం దగ్గర "ఏమైంది తల్లీ?" అన్నాడు. "ఏం లేదు" అన్నాను.

ఏడుపొస్తోంది. ఇప్పుడేం చెయ్యాలి?

తేజు

*

ఏలూరు,
10 జూలై

తల్లీ,

ముందు మొక్క పని. కుండీని ఒక పక్కకు వంచి నిలవనీళ్లు పారబొయ్యి. అడుగున చిల్లు మట్టితో మూసుకుపోయి ఉంటుంది, కింది నుంచి పుల్లతో పొడిచి తెరువు. కిందికి రెండు ఇటుకలు పెట్టి ఎత్తుగా ఉంచు, గాలి ఆడాలి. పూర్తిగా ఆరేదాకా చుక్క నీళ్లు వద్దు. మామిడి జీడికి తడి కావాలి, బురద కాదు. బురదలో ఊపిరాడక కుళ్లిపోతుంది. మట్టి వాసన చూడు. పులిసిన కంపు కొడితే చెడ్డగుర్తు. మట్టివాసనే వస్తే ఆశ ఉంది.

ఇక కింది మాటలు మీ నాన్నకు చూపించు.

ఒరే పవనూ, వాకిలి నీది, సిమెంటు పోసుకో. గది వేసుకో, నా గది కూడా కిరాయికిచ్చుకో. అడ్డం వస్తే అడుగు. కానీ పసిపిల్లకు మాటిచ్చి, వెనకనుంచి నీళ్లు పోసి చంపడం ఏమిట్రా? కాదనే ధైర్యం లేకపోతే అవునని ఎందుకన్నావు? నిన్ను ఇలా పెంచలేదు నేను.

భీమశంకరం

*

పటాన్‌చెరు,
15 జూలై

తాతయ్యా,

నీ ఉత్తరం చూపించాను. నాన్న మంచం మీద కూర్చుని చదివాడు. మడిచి నాకిచ్చి, తన టిఫిన్ సంచి తెచ్చి నా ముందు పెట్టాడు. అందులో రెండు లీటర్ల నీళ్ల బాటిల్ ఉంది.

కంపెనీ క్యాంటీన్‌లో ఫిల్టర్ నీళ్లుంటాయట. కంపెనీల మురికి కలిసిన మన బోరు నీళ్లు పోస్తే మొక్క రాదని భయపడి, రోజూ షిఫ్టు దిగేటప్పుడు బాటిల్ నింపుకొచ్చి, మరుసటి పొద్దున కంపెనీ బస్సు ఎక్కేముందు కుండీలో పోస్తున్నాడు. నేను మంచినీళ్ల బిందెలోంచి పోస్తున్నానని ఆయనకు తెలియదు. బోరు నీళ్లే పోస్తున్నానేమో అనుకున్నాడు. "నీతో చెబితే, నువ్వే మొలిపించానని నీకు ఉండదు కదా అని..." అన్నాడు. లేచి వెళ్లిపోయాడు.

అమ్మ నా వైపు చూసి, "వాకిట్లో ముగ్గు ఎందుకు వేస్తారో తెలుసా? ఇంట్లోకి రమ్మనడానికి. నువ్వు మీ నాన్నను పట్టుకోవడానికి వేశావు" అంది. నేను బాత్రూంలోకి పోయి చాలాసేపు ఏడ్చాను.

నువ్వు చెప్పినవన్నీ చేశాను. చిల్లు నిజంగానే మూసుకుపోయింది. పొడిస్తే చీపురుపుల్లంత సన్నగా నీళ్లు కారాయి. వాసన చూస్తే కొంచెం పులుపుగా, కొంచెం మట్టిగా ఉంది. ఏ గుర్తో నాకు తెలియలేదు. ఇప్పుడు ఇంట్లో ఎవరూ కుండీ దగ్గరికి రావడం లేదు. నాన్న అయితే దూరంగా తిరిగి గేటు దాకా వెళుతున్నాడు. అది నాకు ఇంకా బాగాలేదు.

కిష్టప్ప ఆదివారం పని మొదలుపెడతాడట. మొలక లేదు.

తేజు

*

ఏలూరు,
18 జూలై

తేజమ్మా,

నీ ఉత్తరం చదివి మధ్యాహ్నం అన్నం తినలేకపోయాను. ఉప్పు గురించి కాదు. వాడు నాకు ఫోన్ చేసి తిట్టినా బాగుండేది. చేశాడేమో, నాకు వినపడలేదేమో కూడా తెలియదు. గుమ్మడికాయల దొంగెవరని వెతుకుతూ నేనే భుజాలు తడుముకుంటున్నాను.

కానీ గుంత పోతే మళ్లీ రాదు. నీళ్లు పోసినా మనసు మార్చుకున్నాడని ఎక్కడ ఉంది? సిమెంటు వేశాక పగలగొట్టనివ్వడు. అందుకని ఒక పని చెయ్యి. మట్టిని వేళ్లతో పక్కనుంచి మెల్లగా తీసి చూడు. వేరు వచ్చి ఉంటుంది. అది చూపించు. ప్రాణం ఉందని చూస్తే వాడు కాదనలేడు. తవ్వొద్దని నేనే అన్నాను, నేనే తవ్వమంటున్నాను. ఏం చేస్తాం, టైము లేదు.

తాతయ్య

*

పటాన్‌చెరు,
22 జూలై

తాతయ్యా,

నీ ఉత్తరం ఇంకా రాలేదు. వచ్చేలోపే అన్నీ జరిగిపోయాయి.

ఆదివారం పొద్దున్నే కిష్టప్ప, ఇంకో ఇద్దరు, కాంక్రీటు కలిపే మిల్లర్ బండితో వచ్చేశారు. కంకర, ఇసుక గేటు దగ్గర పోశారు. కిష్టప్ప గుంత దగ్గర నిలబడి, "సారూ, గీ గుంత నింపాలె గదా? లేకుంటె లెవెల్ రాదు" అన్నాడు. నాన్న నా వైపు చూశాడు. నేను కుండీని ఒళ్లో పెట్టుకుని మెట్టు మీద కూర్చున్నాను.

నాన్న వచ్చి పక్కన కూర్చున్నాడు. నెమ్మదిగా, "తల్లీ, వేరు వచ్చిందేమో చూద్దామా? ఒక పక్కన మట్టి తీస్తే తెలుస్తుంది కదా. వేరు కనిపిస్తే చాలు, గుంత ఉంచేస్తా" అన్నాడు.

తాతయ్యా, నాకూ చూడాలని ఉంది. ఎన్ని రోజుల నుంచి ఉందో! కానీ కొత్త వేరు బెండపిందె కొస కంటే మెత్తగా ఉంటుందని మా సైన్స్ టీచర్ చెప్పింది. చివర విరిగితే తల్లివేరు పోతుంది. అది విరిగాక మొలక వచ్చినా ఏం లాభం? వేరు లేకపోతే గుంత పోతుంది. వేరు ఉంటే నేనే విరగ్గొడతాను. రెండూ వద్దనిపించింది.

"తవ్వను" అన్నాను. "మరి ఉందని ఎలా తెలుసు?" అన్నాడు. "తెలియదు" అన్నాను. "కుళ్లిపోయి ఉంటే?" "పోయి ఉండొచ్చు. అయినా తవ్వను. నువ్వు సిమెంటు పోసుకో నాన్నా. నేను ఏడవను."

ఏడ్చాను కానీ, అది తర్వాత.

కిష్టప్ప గేటు దగ్గర నుంచి "సార్, మాల్ గట్టిపడ్తది, జల్దీ చెప్పుండ్రి" అని అరిచాడు. నాన్న లేచి వెళ్లి నాలుగు వరసల ఇటుకలు తెచ్చి, ఆ గుంత చుట్టూ తనే పేర్చాడు. వంకరగా పేర్చాడు. కిష్టప్ప నవ్వి, "సార్, మొక్క లేకుండనే గుంతకు గోడ కడ్తున్నరా?" అన్నాడు. "నువ్వు దాని బయటనుంచి పొయ్యి" అన్నాడు నాన్న.

వాకిలంతా ఇప్పుడు బూడిద రంగు. మధ్యలో ఒక్క గుంత ఉంది. కుండీలో ఇంకా ఏమీ లేదు. నాన్న ఎందుకు వదిలాడో నేను అడగలేదు. ఈసారి అనుమానించాలని కూడా అనిపించలేదు.

ఇంకొకటి. నీ మంచం కింద కొలిచింది ఎత్తు కోసమట. మోకాలు వంచకుండా కూర్చోవాలంటే మంచం ఎంత ఎత్తుండాలో డాక్టరు చెప్పాడట. కింద చెక్కలు కొట్టించాడు. గది నీదే.

తేజు

*

పటాన్‌చెరు,
30 జూలై

తాతయ్యా,

తవ్వమన్న నీ ఉత్తరం కాంక్రీటు ఆరిపోయాక వచ్చింది. నువ్వు కూడానా! నిన్ను క్షమించాను.

ఇవాళ పొద్దున లేచేసరికి నాన్న కంపెనీ బట్టల్లో వాకిట్లో గొంతుకూర్చుని ఉన్నాడు. బస్సు ఎప్పుడో వెళ్లిపోయి ఉండాలి. "పోలేదేం నాన్నా?" అన్నాను. "పిట్టలు... పొడుస్తాయేమోనని" అన్నాడు. ఏ పిట్టలు? చెయ్యి అడ్డం పెట్టి ఉన్నాడు. చెయ్యి తీశాడు.

మట్టి పగిలి ఉంది. వంగిన మెడతో ఒకటి లేస్తోంది. ఎర్రగా, రాగిచెంబు రంగులో. చివర రెండు చిన్న ఆకులు వేలాడుతున్నాయి, వాడిపోయినట్టు. కానీ వాడలేదు తాతయ్యా, మామిడి లేతాకు అలాగే ఉంటుందని సైన్స్ టీచర్ ఫొటోలో చూపించింది. గింజ మట్టిలోనే ఉంది, చిక్కుడులా పైకి రాలేదు. దాన్నే తింటూ పెరుగుతుందట.

నాన్న నన్ను లేపలేదు. ముందు నేనే చూడాలని ఆగాడట. కానీ ముందు చూసింది ఆయనే కదా. నాకు కోపం రావాలి. రాలేదు. నాకు ఆయన్ని గట్టిగా పట్టుకోవాలనిపించింది, పట్టుకున్నాను. బూట్లతో సహా.

కింద ఖాళీ వదలమన్నాడు, తను రాస్తాడట.

నీ తేజు

నాన్నా,
మొక్క వచ్చింది. గుంత అలాగే ఉంచాను. ఆకులు ముదిరి పచ్చబడేసరికి మీరు మెట్లు ఎక్కగలరు అన్నారు డాక్టరు. వచ్చి మీ చేత్తో నాటండి. అందాకా నీళ్లు ఎప్పుడు పొయ్యాలో తేజు చెబుతుంది. నన్ను ముట్టుకోనివ్వడం లేదు.

పవన్